రూ. 705.18 కోసం ఒక ఉత్తరం

జూన్ 18, బుధవారం. సెమిస్టర్ పరీక్ష ఫీజు కట్టడానికి మర్నాడే ఆఖరి రోజు. ఫీజు 1,260 రూపాయలు. నాన్న పొద్దున్నే నా అకౌంట్‌లో 1,300 వేసి, "కట్టేసి రసీదు ఫొటో పెట్టరా" అని ఫోన్ చేశారు. అంతకుముందు అకౌంట్‌లో ఉన్నది ఎనిమిది రూపాయలు. మొత్తం 1,308. మధ్యాహ్నం కట్టబోతే పేమెంట్ ఫెయిలైంది. మళ్లీ నొక్కా, మళ్లీ ఫెయిల్. నెట్ సమస్యేమో అనుకుని బ్యాలెన్స్ చూస్తే 602.82 ఉంది.

స్టేట్‌మెంట్ తెరిస్తే ఒకే రోజు ఆరు పద్దులు. ప్రతి దాని పక్కనా `MIN BAL CHGS` అని ఉంది. ఒక్కోటి 117.53. ఆరు కలిపితే 705.18.

ఆ రోజు మా రూమ్మేట్ దగ్గర అప్పు చేసి ఫీజు కట్టా. నాన్నకి మాత్రం ఏం చెప్పాలో తెలియలేదు. ఆయన ఆటో నడుపుతారు. ఆ 1,300 ఎన్ని ట్రిప్పుల డబ్బో నాకు తెలుసు. పైగా ఈ అకౌంట్ నేను మొదటి సంవత్సరంలో, కాలేజీ ఆడిటోరియంలో బ్యాంకు వాళ్లు టేబుల్ వేసుకుని కూర్చుంటే తెరిచింది. "స్టూడెంట్ అకౌంట్ బాబూ, జీరో బ్యాలెన్స్, ఒక్క రూపాయి కూడా ఉంచక్కర్లేదు" అన్నారు. ఆ మాట నమ్మే స్కాలర్‌షిప్‌కి కూడా అదే నంబరిచ్చా.

ఆ డబ్బు ఎలా వెనక్కి వచ్చిందో, ముఖ్యంగా ఉత్తరం ఎలా రాస్తే వచ్చిందో ఇక్కడ రాస్తున్నా. మనలో చాలామంది అకౌంట్లు అదే టేబుల్ దగ్గర తెరిచినవే.

మొదటి ఉత్తరం ఎందుకు పనికిరాలేదు

గురువారం బ్రాంచికి వెళ్లా. కౌంటర్లో ఉన్న మేడమ్ కంప్యూటర్ చూసి, "సిస్టమ్ ఆటోమేటిగ్గా కట్ చేస్తుంది, మా చేతిలో ఏం లేదు" అన్నారు. మధ్యాహ్నం మళ్లీ వెళ్తే వేరే ఆయన కూడా అదే మాట. రాత్రి కోపంగా ఒక ఉత్తరం రాశా. మాది పేద కుటుంబం, మా నాన్న ఆటో నడుపుతారు, మీరు మోసం చేశారు, దయచేసి నా డబ్బు నాకు ఇప్పించండి. రెండు పేజీలు వచ్చింది.

మా పక్కింటి బాబాయి గారు బ్యాంకులో క్లర్కుగా చేసి రిటైరయ్యారు. ఆయనకి ఫోన్లో చదివి వినిపించా. అంతా విని, "జాలిపడితే ఒక నెలది తీసేస్తారేమో, లేకపోతే లేదు. వాళ్లు జవాబు చెప్పక తప్పని ప్రశ్న ఇందులో ఎక్కడుందిరా?" అన్నారు. నిజమే, రెండు పేజీల్లో ఒక్క తేదీ లేదు. ఎంత కోశారో మొత్తం కూడా లేదు. నాకేం కావాలో కూడా సరిగ్గా లేదు. ఆయన ముందు మూడు పనులు చెయ్యమన్నారు: లెక్క సరిచూడు, మాట ఇచ్చినట్టు ఆధారం వెతుకు, నోటీసు వచ్చిందో లేదో చూడు. ఉత్తరం ఆ తర్వాత.

లెక్క

మినిమమ్ బ్యాలెన్స్ అంటే ఏ రోజూ అంతకన్నా తగ్గకూడదు అనుకునేవాణ్ణి. చాలా బ్యాంకుల్లో చూసేది నెలవారీ సగటు. ప్రతి రోజు చివర్న ఉన్న బ్యాలెన్స్‌లన్నీ కూడి, ఆ నెలలో ఉన్న రోజులతో భాగిస్తారు. సగటు 2,000 ఉండాలనుకోండి. 30 రోజుల నెలలో 20 రోజులు మూడు వేలుండి, పది రోజులు సున్నా ఉన్నా సరిపోతుంది, ఎందుకంటే 60,000ని 30తో భాగిస్తే 2,000. అదే 29 రోజులు సున్నా ఉండి, చివరి రోజు రెండు వేలు వేస్తే సగటు 67 రూపాయలు కూడా రాదు. "నెలాఖరుకి రెండు వేలు ఉన్నాయిగా" అన్న వాదన అందుకే నిలబడదు.

మా బ్రాంచి ఉన్న ఊరికి మామూలు సేవింగ్స్ అకౌంట్‌లో సగటు 2,000 ఉండాలి, తగ్గిన మొత్తం మీద 5 శాతం ఛార్జీ అని బ్యాంకు వెబ్‌సైట్‌లోని ఛార్జీల పట్టికలో ఉంది. నా అకౌంట్‌లో డిసెంబరు నుంచి మే దాకా ఉన్నది ఎనిమిది రూపాయలే. తగ్గింది 1,992. అందులో 5 శాతం 99.60. దాని మీద 18 శాతం జీఎస్టీ 17.93. మొత్తం 117.53. ఆరు నెలలకి 705.18. అంటే లెక్కలో తప్పులేదు. అకౌంట్‌లో డబ్బు లేక ఆరు నెలల ఛార్జీలూ బాకీగా ఉండిపోయాయి, నాన్న డబ్బు పడగానే ఒకేసారి కోసేసుకున్నారు.

ఈ లెక్క వేశాక ఒక మేలు జరిగింది. "ఎక్కువ కోశారు" అని రాయడం మానేశా. అలా రాసి ఉంటే బ్యాంకు పట్టిక జతచేసి, లెక్క సరిగ్గానే ఉందని జవాబిచ్చి ఊరుకునేది. అసలు నా అకౌంట్‌కి ఈ ఛార్జీ వర్తిస్తుందా అన్నదే నేను అడగాల్సిన ప్రశ్న.

మాటకి ఆధారం

టేబుల్ దగ్గర కూర్చున్నాయన ఎవరో నాకు తెలీదు. ఆయన నోటిమాట ఇప్పుడు ఎవరూ ఒప్పుకోరు. అందుకని కాగితాలు వెతికా. మూడు దొరికాయి.

ఒకటి, మా క్లాస్ వాట్సాప్ గ్రూపులో ఆ రోజు ఎవరో పెట్టిన కరపత్రం ఫొటో. బ్యాంకు లోగో కింద "స్టూడెంట్ సేవింగ్స్ – జీరో బ్యాలెన్స్" అని ఉంది. రెండు, పాస్‌బుక్ మొదటి పేజీలో అకౌంట్ రకం దగ్గర స్టూడెంట్ అని ప్రింటై ఉంది. మూడోది నాకు తట్టలేదు, బాబాయి గారే చెప్పారు. పాత స్టేట్‌మెంట్. రెండేళ్లకి పైగా చాలా నెలలు నా బ్యాలెన్స్ వంద కూడా దాటలేదు, అయినా ఒక్కసారీ ఛార్జీ పడలేదు. అంటే బ్యాంకు కూడా అన్నాళ్లు దీన్ని జీరో బ్యాలెన్స్ అకౌంట్‌గానే నడిపింది. మరి డిసెంబరులో ఏం మారింది?

అదే వెతికితే ఒక తేదీ దొరికింది. నవంబరు 27న బ్రాంచికి వెళ్లి కేవైసీ అప్‌డేట్ చేయించుకున్నా. నాన్న నంబరు తీసేసి నా నంబరు పెట్టించింది కూడా ఆ రోజే. ఆ మరుసటి నెల నుంచే ఛార్జీలు మొదలు. బ్యాంకు సిస్టమ్‌లో ప్రతి అకౌంట్‌కీ ఒక స్కీమ్ కోడ్ ఉంటుందట. ఛార్జీ పడాలా వద్దా అన్నది ఆ కోడ్‌ని బట్టే. వివరాలు మార్చేటప్పుడు కోడ్ మారిపోవడం జరుగుతూ ఉంటుందని బాబాయి గారు చెప్పారు. అలా మారితే కౌంటర్లో వాళ్లు అన్నట్టు సిస్టమ్ ఆటోమేటిగ్గానే కోస్తుంది. కానీ కోడ్ మార్చింది మనిషే.

ఇక్కడ ఇంకో సంగతి. జీరో బ్యాలెన్స్ అన్నవన్నీ ఒకటి కాదు. ఆర్బీఐ నిబంధనల ప్రకారం ప్రతి బ్యాంకూ ఇవ్వాల్సిన బేసిక్ సేవింగ్స్ బ్యాంక్ డిపాజిట్ అకౌంట్ ఒకటుంది. దానికి మినిమమ్ బ్యాలెన్స్ ఉండదు, ఏటీఎం కార్డుకి వార్షిక ఛార్జీ కూడా ఉండదు. స్టూడెంట్ అకౌంట్లు అలాంటివి కాకపోవచ్చు. అవి బ్యాంకు తన ఇష్టంతో, తన షరతులతో ఇచ్చేవి. నా స్టేట్‌మెంట్‌లో అంతకుముందు సెప్టెంబరులో డెబిట్ కార్డు వార్షిక రుసుము 236 రూపాయలు కూడా ఉంది. అది కూడా అడుగుదామని చెయ్యి లాగింది. కానీ కరపత్రంలో కార్డు ఉచితమని ఎక్కడా లేదు. మాట ఇవ్వనిదాన్ని మాట ఇచ్చినదానితో కలిపి అడిగితే రెండోది కూడా పలచబడుతుంది. వదిలేశా. మీ కరపత్రంలో కార్డు ఉచితమని ఉంటే మాత్రం తప్పకుండా అడగండి, ఉత్తరం తీరు ఇదే.

నోటీసు

ఒకవేళ మాట ఇచ్చినట్టు రుజువు కాలేదనుకుందాం. అప్పుడు కూడా ఉత్తరం నిలబడటానికి రెండో కాలు ఉంది. మినిమమ్ బ్యాలెన్స్ ఛార్జీల గురించి ఆర్బీఐ 2014 నవంబరు 20న బ్యాంకులకి ఒక సర్క్యులర్ ఇచ్చింది. 2015 ఏప్రిల్ 1 నుంచి అది అమలులోకి వచ్చింది. దాని ప్రకారం బ్యాలెన్స్ తగ్గితే బ్యాంకు ముందు ఎస్సెమ్మెస్, ఈమెయిల్, ఉత్తరం లాంటి వాటిలో కస్టమర్‌కి స్పష్టంగా చెప్పాలి. చెప్పిన తేదీ నుంచి నెలలోపు బ్యాలెన్స్ సరిచెయ్యకపోతే ఛార్జీ పడుతుందని హెచ్చరించాలి. ఛార్జీ కూడా తగ్గిన మొత్తాన్ని బట్టే ఉండాలి, కేవలం ఛార్జీల వల్ల అకౌంట్ మైనస్‌లోకి పోకూడదు.

నా ఫోన్లో వెతికా, అలాంటి మెసేజ్ ఒక్కటీ లేదు. "నాకు నోటీసు ఇవ్వలేదు" అని రాసేయబోయా. అంతలో అనుమానమొచ్చి నాన్నకి ఫోన్ చేశా. "బ్యాంకు మెసేజులా? ఇంగ్లీషులో వస్తాయి, నేను ఎప్పటికప్పుడు తీసేస్తాగా" అన్నారు. నంబరు మారడానికి ముందో తర్వాతో పొరపాటున ఆయనకే వెళ్లి ఉంటే? నేను ఇవ్వలేదని రాశాక వాళ్లు పంపిన రుజువు చూపిస్తే, మిగతా ఉత్తరం మీద కూడా నమ్మకం పోతుంది.

అందుకే మాట మార్చా. నాకు కనిపించలేదు, మీరు పంపి ఉంటే ఏ తేదీన, ఏ నంబరుకి, ఏమని పంపారో చూపించండి అని అడిగా. నాకు తెలిసినంతే రాసినట్టయింది, చూపించాల్సిన పని వాళ్లమీద పడింది.

ఉత్తరం

ఇదీ జూన్ 20న నేను ఇచ్చిన ఉత్తరం. నా పేరు, నంబర్లు తీసేశా.

> బ్రాంచి మేనేజర్ గారికి,
>
> విషయం: స్టూడెంట్ సేవింగ్స్ అకౌంట్ (చివరి నాలుగు అంకెలు ....) లో మినిమమ్ బ్యాలెన్స్ ఛార్జీలు రూ. 705.18 తిరిగి జమ చేయడం గురించి.
>
> అయ్యా,
>
> 1. 18-06-2025న నా అకౌంట్ నుంచి మినిమమ్ బ్యాలెన్స్ ఛార్జీల పేరుతో రూ. 117.53 చొప్పున ఆరు పద్దులు, మొత్తం రూ. 705.18 (జీఎస్టీతో కలిపి) కోశారు. ఇవి డిసెంబరు 2024 నుంచి మే 2025 వరకు ఉన్న నెలలవి.
>
> 2. ఈ అకౌంట్‌ని మా కాలేజీలో మీ బ్యాంకు నిర్వహించిన శిబిరంలో, జీరో బ్యాలెన్స్ స్టూడెంట్ అకౌంట్‌గా తెరిచాను. మీ కరపత్రం ఫొటో, పాస్‌బుక్ మొదటి పేజీ జతచేశాను. తెరిచినప్పటి నుంచి నవంబరు 2024 వరకు బ్యాలెన్స్ ఎంత తగ్గినా ఛార్జీ పడలేదు. స్టేట్‌మెంట్ జతచేశాను.
>
> 3. 27-11-2024న మీ బ్రాంచిలో కేవైసీ అప్‌డేట్ చేయించుకున్నాను. ఛార్జీలు ఆ తర్వాతి నెల నుంచే మొదలయ్యాయి. అకౌంట్ రకం మార్చమని నేను అడగలేదు, అలాంటి కాగితం మీద సంతకం చేయలేదు. ఆ రోజు స్కీమ్ కోడ్ మారిందేమో పరిశీలించి, మారి ఉంటే ఎవరి అభ్యర్థన మీద మారిందో తెలపండి.
>
> 4. ఆర్బీఐ 20-11-2014 నాటి సర్క్యులర్ ప్రకారం ఛార్జీ వేసే ముందు కస్టమర్‌కి తెలియజేసి, నెల గడువు ఇవ్వాలి. అలాంటి సమాచారం నాకు కనిపించలేదు. పంపి ఉంటే పంపిన తేదీ, నంబరు, మెసేజ్ ప్రతి ఇవ్వండి.
>
> 5. కాబట్టి (అ) రూ. 705.18ని జీఎస్టీతో సహా తిరిగి జమ చేయండి, (ఆ) అకౌంట్‌ని మళ్లీ స్టూడెంట్ స్కీమ్‌లోకి మార్చండి, (ఇ) జూన్ నెలకి ఛార్జీ పడకుండా చూడండి. దీనికి రాతపూర్వకంగా జవాబు ఇవ్వండి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, జవాబు సంతృప్తికరంగా లేకపోయినా ఆర్బీఐ అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు చేస్తాను.
>
> ఇట్లు

ఇందులో నాన్న ఆటో లేదు. పరీక్ష ఫీజు కూడా లేదు. రాయాలనిపించింది కానీ, ఆ రెండూ ఛార్జీ తప్పని నిరూపించవు. ఫీజు ఆలస్యమై లేట్ ఫీజు కట్టాల్సి వచ్చి ఉంటే ఆ రసీదు పెట్టి అదీ అడిగేవాణ్ణి. అప్పు దొరికింది కాబట్టి ఆ నష్టం జరగలేదు, జరగనిదాన్ని రాయలేదు.

అడిగిన మూడింటిలో రెండోది మర్చిపోకండి. డబ్బు ఒక్కటే అడిగితే అది తిరిగొస్తుంది, కోడ్ అలాగే ఉంటుంది, మరుసటి నెల మళ్లీ కోత మొదలవుతుంది.

ఎవరికి, ఎలా ఇవ్వాలి

రెండు కాపీలు తీసుకెళ్లా. ఒకటి ఇచ్చి, రెండో దాని మీద తేదీతో బ్యాంకు ముద్ర, సంతకం అడిగా. "మేనేజర్ గారు లేరు, పెట్టి వెళ్లు" అన్నారు. ముద్ర వేసేదాకా అక్కడే నిలబడ్డా. అదే రోజు బ్యాంకు వెబ్‌సైట్‌లో ఫిర్యాదుల పేజీలోనూ ఇదే పెట్టి, వచ్చిన ఫిర్యాదు నంబరు రాసుకున్నా.

ముద్ర కోసం అంత పట్టుబట్టడానికి కారణం ఉంది. ఆర్బీఐ అంబుడ్స్‌మన్ దగ్గరికి నేరుగా వెళ్లడానికి లేదు. ముందు బ్యాంకుకి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి ఉండాలి. 30 రోజులు చూడాలి, లేదా ఈలోపే బ్యాంకు జవాబు నచ్చకపోయి ఉండాలి. ఆ 30 రోజులు లెక్కపెట్టేది రాసిచ్చిన తేదీ నుంచే. నేను గురువారం కౌంటర్ దగ్గర రెండుసార్లు అడిగింది ఎక్కడా లెక్కలోకి రాదు. ఆ తర్వాత `cms.rbi.org.in`లో ఫిర్యాదు పెట్టొచ్చు, దానికి ఫీజు లేదు. అక్కడ అడిగేది కూడా ఇవే: బ్యాంకుకి ఎప్పుడు రాశారు, దాని కాపీ ఏది, వాళ్లేమన్నారు. దానికీ గడువు ఉంటుంది, అందుకని నెలల తరబడి నాన్చకూడదు.

ఏమైంది

జూలై 9న మొదటి జవాబు వచ్చింది. "ఛార్జీలు బ్యాంకు నిబంధనల ప్రకారమే విధించబడినవి" అని ఒకే వాక్యం. ఒక్కసారిగా నీరుగారిపోయా. బాబాయి గారు మాత్రం, "నువ్వడిగినవాటిలో దేనికి జవాబు చెప్పారు?" అన్నారు. దేనికీ చెప్పలేదు. అదే ఫిర్యాదు నంబరుతో నాలుగు లైన్లు తిరిగి రాశా: నా ఉత్తరంలో 3వ పేరాకి, 4వ పేరాకి జవాబు లేదు, స్కీమ్ కోడ్ ఎప్పుడు మారింది, నోటీసు కాపీ ఏది, ఈ రెండూ ఇవ్వకపోతే ఇదే జవాబుని జతచేసి అంబుడ్స్‌మన్‌కి పంపుతాను. పేరాలకి అంకెలు వేసిన ఉపయోగం అప్పుడు తెలిసింది. దేన్ని దాటేశారో వేలు పెట్టి చూపించగలిగా.

రెండు రోజులకి బ్రాంచి నుంచి ఫోన్. కేవైసీ అప్‌డేట్ రోజున అకౌంట్ జనరల్ సేవింగ్స్‌లోకి మారిపోయిందని, సరిచేస్తున్నామని చెప్పారు. నోటీసు సంగతి అడిగితే మాట దాటేశారు, నేనూ గుచ్చలేదు. "ఇది ఈమెయిల్‌లో రాసి పంపండి సార్" అని మాత్రం అడిగా. పంపారు. జూలై 14, సోమవారం ఆరు పద్దులూ వెనక్కి జమ అయ్యాయి. కూడి చూసుకున్నా, 705.18. జీఎస్టీ కూడా వచ్చింది. జూన్ నెలకి కొత్త కోత లేదు. తర్వాత పాస్‌బుక్ ప్రింట్ చేయించి అకౌంట్ రకం దగ్గర స్టూడెంట్ అనే ఉందని కూడా చూసుకున్నా.

ఆ స్టూడెంట్ అన్న మాట మన చదువు అయ్యేదాకానే. కోర్సు పూర్తయ్యాకో, ఒక వయసు దాటాకో చాలా బ్యాంకులు ఇలాంటి అకౌంట్లని మామూలువిగా మారుస్తాయి, అది వాళ్ల షరతుల్లోనే ఉంటుంది. అప్పుడు ఈ ఉత్తరం పనిచెయ్యదు. ఫైనలియర్ వాళ్లు వెళ్లేలోపే అకౌంట్ మూసెయ్యడమో, బేసిక్ అకౌంట్‌గా మార్చమని రాసివ్వడమో చూసుకోండి.

రూమ్మేట్ అప్పు తీర్చి, మిగిలింది నాన్నకి పంపా. సంగతంతా అప్పుడే చెప్పా. "ఏడొందలకి నెల తిరిగావా" అని కాసేపు నవ్వి, "ఇకమీదట మెసేజులు తీసెయ్యనులే, నువ్వొచ్చాక చూద్దువుగాని" అన్నారు. మొన్న ఇంటికెళ్తే నిజంగానే 214 మెసేజులు దాచి ఉంచారు. అన్నీ లోన్ ఆఫర్లే.